ఇరుక్కుపోయిన సైకిల్ హ్యాండిల్ స్టెమ్‌ను తిప్పే ముందు జాగ్రత్తలు

పైబోల్టును మూడు నాలుగు చుట్లే వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. బోల్టు తలమీద చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టండి. బోల్టు టక్కున కిందికి దిగిందంటే స్టెమ్‌ను లోపల బిగించి పట్టే వెడ్జ్ వదిలినట్టే. దిగకపోతే ఎంత తిప్పినా లాభం లేదు.

స్టెమ్‌కు అయస్కాంతం అంటకపోతే అది చాలావరకు అల్యూమినియమే. ఫోర్క్ ఉక్కు గొట్టంలో అది తెల్లపొడిగా తుప్పుపట్టి, ఉబ్బి బిగుసుకుంటుంది. సైకిల్‌ను తలకిందులు చేసి, ఫోర్క్ కింది రంధ్రంలోంచి పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. బ్రేక్ రబ్బర్లకు గుడ్డ చుట్టడం మరవొద్దు.

చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ మెలిపెట్టొద్దు. నేనలా ఒక రిమ్మును వంకర చేసుకున్నాను. చక్రం తీసేసి, ఫోర్క్ కాళ్లను కాకుండా పైన అవి కలిసే క్రౌన్‌ను చెక్కల మధ్య వైస్‌లో పట్టించండి.

ఆ తెల్ల తుప్పు వదలడానికి అమోనియా వాడితే ఆరుబయటే, బ్లీచ్ దరిదాపుల్లో ఉండకూడదు.