టేబుల్ ల్యాంప్ వెలుగే అనిపించాలంటే: షాట్‌కు ముందు జాగ్రత్తలు

☐ మిగతా లైట్లన్నీ ఆపేసి, ల్యాంప్ ఒక్కటే వెలిగించి మానిటర్‌లో చూడండి. షేడ్ మీద గుడ్డ నేత కనబడకుండా అంతా తెల్లగా పేలిపోతే బల్బును డిమ్ చేయండి. ఎల్ఈడీ అయితే డిమ్ చేశాక ఫ్లికర్ వస్తోందేమో చిన్న క్లిప్ తీసి చూసుకోవాలి.

☐ ల్యాంప్‌ను తగ్గించాక ముఖానికి వెలుగు చాలదు. అందుకే ఫ్రేమ్ బయట, ల్యాంప్ వైపు నుంచే, దాదాపు అదే ఎత్తులో ఇంకో లైట్ పెడతాం. దాన్ని స్టాండ్ మీద పైకెత్తితే ముక్కు నీడ పెదవి మీదకి దిగుతుంది. చెంప ఎత్తులో ఉన్న ల్యాంప్ నీడ మాత్రం పక్కకి వెళ్తుంది. చాలాసార్లు గుట్టు బయటపడేది ఇక్కడే.

☐ గోడ మీద ల్యాంప్ నీడే పడుతోందా? వెలిగే వస్తువుకు అంత గట్టి నీడ ఉండదు. దాచిన లైట్ ముందు నల్ల అట్ట అడ్డుపెట్టి, ల్యాంప్ మీద ఆ వెలుగు పడకుండా ఆపండి. దీన్ని మాత్రం ఎడిటింగ్‌కి వదిలేయకండి.

☐ రెండు వెలుగుల రంగు ఒకేలా ఉంచండి: బల్బు 2700K అయితే దాచిన లైట్ కూడా అంతే.

☐ నటులు కదిలే రిహార్సల్‌లో ఇవన్నీ మళ్లీ చూడండి.