ఆరభి రాగం మొదలుపెడితే దేవగాంధారి వచ్చేస్తోందా? ఆలాపన ఇలా చేయండి

ఫోన్లో తంబూరా యాప్ ఉంటే చాలు. మీ గొంతుకు హాయిగా ఉన్న శ్రుతి పెట్టుకోండి. కీబోర్డు మాత్రం దగ్గర పెట్టుకోకండి.

ముందు ఆరోహణ, అవరోహణ: స రి మ ప ద స, స ని ద ప మ గ రి స. పది నిమిషాల్లో వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే రాగం వచ్చేసింది అనుకుంటారు. మైలాపూర్‌లో మా ఇంటికి పాఠానికి వచ్చేవాళ్లను రాగం అంటే ఏమిటని అడిగితే ఈ స్వరాలే చెప్తారు. మరి దేవగాంధారి స్వరాలూ ఇవే కదా! రెండూ 29వ మేళం ధీరశంకరాభరణం జన్యాలే, కీబోర్డు మీద రెండింటికీ అవే మీటలు. అందుకే దాన్ని పక్కన పెట్టమన్నాను. ఏ స్వరం మీద నిలబడాలి, దేన్ని తాకి వదిలేయాలి, దేన్ని ఊపాలి అన్నది గొంతులోనే తేలాలి.

ఇక అసలు కష్టమంతా గాంధారం దగ్గర. ఆరభిలో 'మ గ రి' అన్నప్పుడు గ మీద ఒక్క క్షణం కూడా నిలబడకూడదు. అది మధ్యమానికి అంటుకుని వచ్చి, వెంటనే రిషభం మీదకు దిగిపోవాలి, వినేవాళ్లకు దాదాపు 'మ మ రి' అన్నట్టే ఉండాలి. నిషాదం కూడా అంతే, పై షడ్జాన్ని ఆనుకునే ఉంటుంది. దిగిన తర్వాత రిషభాన్ని ఊపకుండా, తిన్నగా పట్టుకోండి. ఇక్కడ తొందర పడకండి, ఈ మూడు స్వరాలనే వారం రోజులు పాడినా తప్పులేదు.

పోయిన నెల ఒక అమ్మాయి 'ప మ గ రి' చక్కగా మొదలుపెట్టి, గ బాగుంది కదా అని కాస్త సాగదీసి, రి దగ్గర మెల్లగా ఊపింది. అంతే, దేవగాంధారి వచ్చి కూర్చుంది. స్వరం ఒక్కటి కూడా తప్పలేదు, రాగమే మారిపోయింది. వేగం పెంచి 'రిరి మమ పప దద' అని జంటలుగా పాడించాక దారిలో పడింది. మీరూ రికార్డు చేసుకుని వినండి, గ విడిగా, పొడుగ్గా వినిపిస్తే జారిపోయినట్టే. పక్కనే త్యాగరాజస్వామి ఆరభి కీర్తన 'సాధించెనే' ఒకసారి, దేవగాంధారి కీర్తన 'క్షీరసాగర శయన' ఒకసారి పెట్టుకుని వింటే తేడా చెవికి తెలుస్తుంది.

ఇంతవరకు కుదిరితే మిగతాదంతా మీ ఇష్టం. సాహిత్యం అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, 'తదరి నన' అంటూ రి దగ్గర మొదలుపెట్టండి, ప దాకా వెళ్లి అక్కడ ఆగండి, మళ్లీ తిరిగి రండి, తర్వాత పై షడ్జం అందుకోండి. ఎన్ని సంగతులు వేయాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో ఎవరూ రాసిపెట్టలేదు. అయితే ఆరభికి ఐదు నిమిషాలు చాలు, నెమ్మదిగా సాగదీయడం మొదలైతే గాంధారం మళ్లీ పొడుగవుతుంది.