డిపోజిషన్ సారాంశం రాసే ముందు: పేజీ, లైను తప్పకుండా ఉండాలంటే

అమెరికాలో ట్రయల్ దగ్గరపడే కొద్దీ డిపోజిషన్ ట్రాన్‌స్క్రిప్టులు, అంటే ట్రయల్‌కు ముందు సాక్షి ప్రమాణం చేసి చెప్పిన జవాబుల రాతప్రతులు, మన బల్ల మీదికి వచ్చిపడతాయి. సాక్షి కోర్టులో మాట మారిస్తే లాయరు మన సారాంశం తెరిచి, అందులో ఉన్న పేజీ, లైను చూసుకుని పాత జవాబు చదివి వినిపిస్తారు. ఆ లైనులో ఆ జవాబు లేకపోతే జ్యూరీ కళ్లముందే మాట పోతుంది.

కాబట్టి ఒక్క లైనైనా రాయకముందే చేతిలో ఉన్నది ఏ ప్రతో చూడండి. రఫ్ డ్రాఫ్ట్‌కీ, కోర్టు రిపోర్టర్ ధ్రువీకరించిన తుది ప్రతికీ లైన్లు జరిగిపోతాయి. రఫ్ మీద మొదలుపెట్టాల్సి వస్తే, తుది ప్రతి రాగానే ప్రతి సంఖ్యనూ మళ్లీ సరిచూడాలి. పీడీఎఫ్ పేజీ సంఖ్యను నమ్మకండి. ట్రాన్‌స్క్రిప్టు మీద అచ్చయిన సంఖ్యే రాయాలి. ఒక కాగితం మీద నాలుగు పేజీలు కుదించిన ప్రతిలో ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది.

అసలు ప్రమాదం టాపిక్ వారీగా విడదీసేటప్పుడు ఉంది. ఒక ఊహా కేసు చూద్దాం. సూపర్ మార్కెట్‌లో తడి నేల మీద ఒకామె జారిపడింది. మేనేజరును "నేల తడిగా ఉందని మీకు తెలుసా?" అని అడిగితే, 62:8-12లో, అంటే 62వ పేజీ 8 నుంచి 12 లైన్లలో, "ఎవరైనా చెప్పినట్టు గుర్తు లేదు" అన్నాడు. దీన్ని "మేనేజరుకు తెలియదు" అని కుదిస్తే సాక్ష్యమే మారిపోయింది. గుర్తు లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. భోజన విరామం తర్వాత 148:3-11లో ఎగ్జిబిట్ 7, అంటే నేల తుడిచిన చిట్టా, చూపించారు. ప్రమాదానికి అరగంట ముందు "తడి" అన్న చోట ఉన్న పొడి సంతకం తనదేనని ఒప్పుకున్నాడు. "ముందే తెలుసా" అన్న టాపిక్ కింద ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి:

```
62:8-12   ఎవరైనా చెప్పినట్టు గుర్తు లేదు
148:3-11  ఎగ్జిబిట్ 7లో పొడి సంతకం తనదే
```

జవాబు వట్టి "అవును" అయితే లైన్లను ప్రశ్న మొదలైన చోటు నుంచే తీసుకోండి. లాయరు ప్రశ్న సాక్ష్యం కాదు, కానీ అది లేకుండా ఆ "అవును"కు అర్థం లేదు. మధ్యలో అభ్యంతరం ఉంటే దాన్నీ గుర్తించాలి. ఆ భాగాన్ని చదవనివ్వాలా వద్దా అన్నది జడ్జి తేలుస్తారు. సాక్షి తరఫు లాయరు చివర్లో అడిగే ప్రశ్నలను అలసిపోయి వదిలేయకండి, అక్కడే చాలాసార్లు జవాబులు మెత్తబడతాయి.

ఇక ఎర్రాటా షీటు, అంటే సాక్షి తన జవాబులకు చేసే దిద్దుబాట్ల పత్రం. ఫెడరల్ రూల్ 30(ఇ) ప్రకారం, డిపోజిషన్ ముగిసేలోపు అడిగి ఉంటే, ట్రాన్‌స్క్రిప్టు సిద్ధమైందన్న కబురు అందాక 30 రోజుల్లో సాక్షి మార్పులు రాసి ఇవ్వచ్చు. అసలు జవాబు మాత్రం చెరిగిపోదు. అందుకని మేనేజరు ఆ జవాబు మారిస్తే, 62:8-12 ఎదుట పాత మాట, మార్చిన మాట, మార్చడానికి చెప్పిన కారణం మూడూ రాయండి.

పంపే ముందు, ఈ సారాంశం రాయని ఇంకొకరి చేత ముఖ్యమైన టాపిక్‌లలోని ప్రతి సంఖ్యనూ తుది ప్రతిలో తెరిపించి చదివించండి.