ఉద్యోగం ఫోటో తప్పుగా వచ్చిందా? స్టూడియోకి పంపిన మెసేజ్ ఒకసారి చదవండి

"సార్, ఈ ఫోటోలో నన్ను మాత్రమే ఉంచి పక్కవాళ్లను క్రాప్ చేయండి. బ్యాక్‌గ్రౌండ్ ప్లెయిన్‌గా కావాలి. జాబ్ అప్లికేషన్‌కి. అర్జెంట్."

స్టూడియోలో ఎడిటింగ్ చేసే నాకు ఇలాంటి మెసేజ్‌లు తరచూ వస్తాయి. చదవగానే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పని మొదలుపెట్టాకే తెలుస్తుంది, ఇందులో సగం విషయాలు నేను ఊహించుకోవాల్సినవేనని. ఊహ తప్పితే ఫోటో తిరిగొస్తుంది, మళ్లీ చేయాలి. ఈలోగా అప్లికేషన్ గడువు దగ్గరపడి అవతలి మనిషి టెన్షన్ పడుతుంటారు. అందుకే తిరిగొచ్చిన ఫోటోల్లో ఏ తప్పు మెసేజ్‌లోని ఏ లోటు వల్ల వస్తుందో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి పైన ఉన్న మెసేజ్‌నే తీసుకుందాం. అది పంపిన అమ్మాయి కాలేజీ చివరి రోజు తీసిన గ్రూప్ ఫోటో జత చేసింది. రెండు వరుసల్లో పదకొండు మంది ఉన్నారు.

సమస్య: ముఖం మసకగా, గళ్లు గళ్లుగా ఉంది

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. స్టూడియో వాళ్లు పాడుచేశారని అనుకుంటారు కానీ, చాలాసార్లు ఫోటో మా దగ్గరికి వచ్చేసరికే పాడై ఉంటుంది.

కారణం రెండు చోట్ల ఉంది. మొదటిది, గ్రూప్ ఫోటోలో ఒక్కొక్కరి ముఖానికి దక్కే చోటు చాలా తక్కువ. రెండోది, చాటింగ్ యాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే యాప్ దాన్ని చిన్నది చేసి పంపుతుంది. ఆ అమ్మాయి ఫోన్‌లో ఉన్న అసలు ఫోటో 4000 × 3000 పిక్సెళ్లు. నాకు చేరింది 1600 × 1200. అసలు ఫోటోలో ఆమె తల, గడ్డం నుంచి నడినెత్తి దాకా, 210 పిక్సెళ్ల ఎత్తు ఉంది. నాకు చేరిన దాంట్లో అదే తల 84 పిక్సెళ్లే.

ఇప్పుడు ఫారం ఏం అడుగుతోందో చూద్దాం. ఆమె ఫారంలో ఫోటో సైజు 200 × 230 పిక్సెళ్లు. ముఖం ఎంత ఉండాలో ఉద్యోగ ప్రకటనలో చెబితే అంతే పెడతాం. చెప్పకపోతే ఎత్తులో 70 శాతం దాకా తల వచ్చేలా నేను చూసుకుంటాను. అంటే తలకి దాదాపు 160 పిక్సెళ్లు కావాలి. 84 పిక్సెళ్ల తలను 160కి సాగదీస్తే మసక తప్పదు. అదే అసలు ఫోటో నా చేతిలో ఉంటే 210ని 160కి తగ్గించడమే, ముఖం స్పష్టంగా వస్తుంది.

పరిష్కారం: ఫోటోను గ్యాలరీ నుంచి ఫోటోగా కాకుండా, అదే యాప్‌లో డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి. లేదా ఈమెయిల్‌లో అసలు సైజులోనే పంపండి. స్క్రీన్‌షాట్ వద్దు. ఎవరో గ్రూపులో పెట్టిన ఫోటోను దించుకుని పంపడమూ వద్దు, అది అప్పటికే ఒకసారి చిన్నదై ఉంటుంది. తీసినవాళ్ల ఫోన్‌లోని ఫైలు తెప్పించుకోండి. పంపేముందు గ్యాలరీలో ఫోటో వివరాలు తెరిస్తే పిక్సెళ్ల సంఖ్య కనిపిస్తుంది. అది 1600 × 1200 లాంటిది కాకుండా 4000 × 3000 లాంటి పెద్ద సంఖ్య అయి ఉండాలి.

సమస్య: పక్కవాళ్లు పోయారు, భుజం మీద చెయ్యి మిగిలింది

క్రాప్ అంటే ఫోటో చుట్టూ గీత గీసి, గీత బయట ఉన్నది తీసేయడం. అంతే. పక్కమనిషి ఒంటి భాగం ఏదైనా ఆ గీత లోపల ఉంటే అది అలాగే ఉండిపోతుంది. మీరు క్రాప్ అని రాస్తే కొత్తగా చేరిన ఎడిటర్ సరిగ్గా ఆ పనే చేసి పంపుతారు. మీకు కావాల్సింది నిజానికి మూడు పనులు: మిమ్మల్ని అంచు వెంట కత్తిరించి వేరు చేయడం, వెనక కొత్త రంగు వేయడం, మీ మీద పడిన ఇతరుల చేతులో జుట్టో ఉంటే వాటిని చెరిపి ఆ చోట మీ బట్టను తిరిగి పూరించడం. ఈ మూడోది కాస్త ఓపిక పట్టే పని, మెసేజ్‌లో అడగకపోతే చాలామంది చేయరు.

ఆ అమ్మాయి ఫోటోలో రెండు అడ్డంకులు ఉన్నాయి. కుడివైపు స్నేహితురాలు ఆమె భుజం చివర చెయ్యి వేసింది. ఎడమవైపు ఇంకో అమ్మాయి జుట్టు ఈమె మెడ దగ్గరికి వచ్చి పడింది. మొదటిది చూడటానికి పెద్దగా ఉంది కానీ దాన్ని ముట్టుకోనవసరం లేదు. 200 పిక్సెళ్ల వెడల్పులో తలకే 115 దాకా పోతే, రెండు వైపులా మిగిలేది నలభై చొప్పున. భుజం చివర ఎలాగూ ఫ్రేమ్ బయటే ఉంటుంది. అసలు కష్టం రెండోదే. మెడ పక్కన జుట్టు చెరిపి, కింద ఉన్న చర్మాన్నీ కాలర్‌నూ పూరించాలి. ఆమె వేసుకున్నది గీతలు లేని చొక్కా కాబట్టి కుదిరింది. గళ్ల చొక్కా అయితే గీతలు కలవక అతుకు కనిపించేది. పక్కవాళ్ల జుట్టు లేదా చెయ్యి చెంప మీదికో గడ్డం మీదికో వచ్చి ఉంటే నేను ఆ పని ఒప్పుకోను. కనిపించని ముఖాన్ని కల్పించి పెడితే అది మీ ఫోటో అవదు.

పరిష్కారం: మీ మీద ఏమేం పడి ఉన్నాయో, ఏ వైపున ఉన్నాయో మెసేజ్‌లో ఒక వాక్యం రాయండి.

సమస్య: నా బదులు ఇంకొకరిని ఉంచారు

"నేను ఎడమ నుంచి మూడు" అంటే ఎవరి ఎడమ? ఫోటోలో నిలబడ్డ మీ ఎడమ వేరు, ఫోటో చూసే నా ఎడమ వేరు. పైగా స్టూడియోలో ఎవరికీ మీ ముఖం తెలియదు. "ఫోటో చూసేవాళ్లకి ఎడమ నుంచి, వెనక వరుసలో మూడో మనిషిని, నీలం చొక్కా" అని రాస్తే తప్పే అవకాశం లేదు. ముఖం చుట్టూ సున్నా చుట్టి పంపాలనుకుంటే ఆ పని విడిగా ఒక కాపీ మీద చేయండి. అసలు ఫోటో మీదే గీసి సేవ్ చేస్తే ఆ గీత చెరపడం ఇంకో పని అవుతుంది.

సమస్య: బ్యాక్‌గ్రౌండ్ ప్లెయిన్‌గా అడిగితే నల్లగా వచ్చింది, లేదా చొక్కా అందులో కలిసిపోయింది

ప్లెయిన్ అనేది రంగు కాదు. కొందరికి తెలుపు, కొందరికి లేత నీలం, కొందరికి బూడిద రంగు. ఇంకొందరు ఎడిటర్లు బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా తీసేసి పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ ఫైలు ఇస్తారు. ఫోన్‌లో అది బాగానే కనబడవచ్చు. ఫారం కోసం దాన్ని జేపీజీగా మార్చినప్పుడు, ఆ రకం ఫైలులో పారదర్శకతకు చోటు లేదు కాబట్టి, ఖాళీ భాగం తరచూ నలుపైపోతుంది. అందుకే రంగు పేరు, ఫైలు రకం రెండూ రాయండి. ప్రకటనలో తెలుపు అని ఉంటే దాని కోడ్ ఇదీ:

```
#FFFFFF
```

తెల్ల చొక్కా వేసుకుని తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అడిగితే భుజాల గీత మాయమై తల గాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రకటన లేత రంగులకి ఒప్పుకుంటే లేత బూడిద అడగండి. తెలుపే తప్పనిసరి అయితే, చొక్కా అంచుల దగ్గర నీడను అలాగే ఉంచమని చెప్పండి, కొంత నయం.

ఇంకొకటి జుట్టు అంచు. చెట్ల ముందు తీసిన ఫోటోను తెలుపు మీద పెడితే జుట్టు చుట్టూ పచ్చటి జీర మిగులుతుంది. పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు వెంట్రుకల సందుల్లో కలిసిపోయి ఉండటమే దానికి కారణం. ఫైలు చేతికి రాగానే పెద్దది చేసి చెవుల పక్కన, నడినెత్తి మీద చూడండి. జీర కనిపిస్తే "జుట్టు అంచున పాత రంగు మిగిలింది, తీయండి" అని అడగండి. అది సరిచేయగలిగిందే.

సమస్య: ఫారం ఫోటో తీసుకోవడం లేదు, లేదా ముఖం సాగినట్టుంది

ఈ రెండిటికీ మూలం ఒకటే, సైజు చెప్పకపోవడం. సైజు తెలియకపోతే మేము పాస్‌పోర్ట్ కొలత 35 × 45 మిల్లీమీటర్లలో ఇచ్చేస్తాం. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, అది 413 × 531 పిక్సెళ్లు. ఫారం 200 × 230 అడుగుతుంది. ఆ రెండు చట్రాల నిష్పత్తి ఒకటి కాదు. మీరు ఏదో యాప్‌లో బలవంతంగా 200 × 230కి మారిస్తే ముఖం వెడల్పుగా సాగుతుంది. ఇలా సైజు మార్చుకునే బదులు, ప్రకటనలో ఫోటో గురించి రాసిన భాగాన్ని స్క్రీన్‌షాట్ తీసి మెసేజ్‌కి జతచేయండి. స్క్రీన్‌షాట్ పనికొచ్చేది ఇక్కడే. పిక్సెళ్లు, కేబీ పరిమితి, ఫైలు రకం, రంగు అన్నీ అందులోనే ఉంటాయి.

అదే భాగంలో ఇంకో మాట కూడా వెతకండి. ఎడిట్ చేసిన ఫోటో చెల్లదని రాసి ఉంటే మాకు గ్రూప్ ఫోటో పంపకండి, కొత్తగా తీయించుకోండి. ఫోటో ఎన్ని నెలల లోపుది కావాలో రాసి ఉన్నా అంతే. కాలేజీ చివరి రోజు ఎప్పుడో లెక్క చూసుకోవాలి.

అడగకుండానే మొహం తెల్లగా, నున్నగా చేసి ఇచ్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పుట్టుమచ్చ కూడా పోతుంది. పరీక్షా కేంద్రంలోనో ఇంటర్వ్యూలోనో ఫోటోతో మనిషిని పోల్చి చూసేటప్పుడు ఇబ్బంది మీకే. "ముఖానికి టచప్ వద్దు" అన్న మూడు మాటలు తప్పకుండా రాయండి.

ఆ అమ్మాయిని ఇవన్నీ ఒక్కొక్కటీ అడిగాక, రెండోసారి పంపిన మెసేజ్ ఇది:

> సార్, ఉద్యోగం ఫారం కోసం ఫోటో కావాలి. అసలు ఫైలు డాక్యుమెంట్‌గా పంపాను. చూసేవాళ్లకి ఎడమ నుంచి వెనక వరుసలో మూడో మనిషిని, నీలం చొక్కా. నన్ను మాత్రమే కత్తిరించి వెనక పూర్తి తెలుపు వేయండి. మెడ దగ్గర పక్కమ్మాయి జుట్టు పడింది, అది తీసి సరిచేయండి. ముఖానికి టచప్ వద్దు. 200 × 230 పిక్సెళ్లు, జేపీజీ, 50 కేబీ లోపు. ప్రకటనలోని ఫోటో నిబంధన జతచేశాను. ఎల్లుండి సాయంత్రం గడువు. పని అయ్యాక గ్రూప్ ఫోటో మీ కంప్యూటర్ నుంచి తీసేయండి, అందులో మిగతావాళ్లు ఉన్నారు.

చివరి వాక్యం నేను చెప్పింది కాదు, ఆమే రాసింది. మిగతా పది మందిలో ఎవరూ తమ ఫోటో స్టూడియోకి ఇవ్వమని చెప్పలేదు కదా. ఫైలు ఇచ్చాక అసలు ఫోటోను, మధ్యలో చేసుకున్న కాపీలను తీసేశాను.

ఫారం ఆ ఫోటోను మొదటిసారే తీసుకుంది. తర్వాత ఇంటర్వ్యూకి ప్రింట్లు కూడా కావాలని అడిగింది. పాస్‌పోర్ట్ సైజు ప్రింట్‌లో తలకి 370 పిక్సెళ్ల దాకా కావాలి, ఆమె దగ్గర ఉన్నది 210. అది కుదరదని చెప్పి, కొత్తగా ఒకటి తీసుకోమన్నాను: గోడకి నాలుగైదు అడుగులు ముందుకి నిలబడితే వెనక నీడ పడదు, ముఖం కిటికీ వైపు ఉండాలి, ఫోన్ కళ్ల ఎత్తులో ఇంకొకరు పట్టుకోవాలి, పక్కన ఎవరూ ఉండకూడదు.