గ్రానైట్ ఆర్డరును విమానానికీ ఓడకూ విడదీసే ముందు జాగ్రత్తలు

చీమకుర్తి నుంచి 20 మిల్లీమీటర్ల మందం గల బ్లాక్ గెలాక్సీ పలకలు 400 చదరపు మీటర్లు విదేశంలోని ఒక హోటల్ పనికి అత్యవసరంగా వెళ్లాలనుకుందాం.

• ముందుగా కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రమైన ఎల్‌సీని చదవాలి. విడతలుగా పంపడానికి వీల్లేదని అందులో ఉంటే, సవరణ వచ్చేవరకు ఒక్క పెట్టెనూ కదపకూడదు. అలా ఆగకుండా పంపితే పత్రాలలో తేడా ఉందని బ్యాంకు చెల్లింపు నిరాకరించవచ్చు.

• విమానంలో ఎంత పంపాలో సైటులో మొదట జరిగే పనిని బట్టి తేల్చాలి. చదరపు మీటరు రాయి సుమారు 60 కిలోలు ఉంటుంది కనుక, రిసెప్షన్ కౌంటరుకు కావలసిన 20 చదరపు మీటర్లు చెక్కపెట్టెతో కలిపి 1,300 కిలోలు అవుతాయి. కిలోకు 150 రూపాయలనుకుంటే విమాన కిరాయే 1,95,000 రూపాయలు. ఈ లెక్కను, రేటు చెల్లే గడువును, అదనపు ఖర్చు ఎవరు భరిస్తారన్నదాన్ని రాసి కొనుగోలుదారు సమ్మతి తీసుకోవాలి.

• కొనుగోలుదారుకు ప్రయాణ గంటలు కాక, ఫ్యాక్టరీ నుంచి సైటు వరకు పట్టే రోజులు చెప్పాలి. ఓడ దారిలో మరో రేవులో కంటైనరు మారవచ్చు కాబట్టి ఒకే తేదీ ఇవ్వడం ప్రమాదకరం.

• రెండు వాటాలూ ఒకే బ్లాకు నుంచి కోయించి, పలకలకు వరుస నంబర్లు వేయాలి. రాతిలో మెరిసే చుక్కల సాంద్రత తేడా పడితే కౌంటరు పక్కన నేల పరిచినప్పుడే బయటపడుతుంది.

• రెండింటికీ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు వేర్వేరుగా ఉండాలి.