నెల మధ్యలో చేరితే మొదటి జీతం ఎందుకు తగ్గుతుంది? పేస్లిప్ లెక్క మీరే సరిచూసుకోవడం ఎలా?

మా అన్నయ్య కొడుకుది అమలాపురం. జూన్ 12న భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరాడు. ఆఫర్ లెటర్‌లో నెలకు 30,000 అని రాసుంది. నెలాఖరున వాడి ఖాతాలో పడింది 11,440. ఆ రాత్రే ఫోన్ చేశాడు, "బాబాయ్, సగం నెల పైనే పనిచేశాను, తక్కువలో తక్కువ 19 వేలు రావాలి కదా, రూము అద్దె, అడ్వాన్సు కట్టేశాక ఇంక తినడానికేం మిగలదు, వీళ్ళు మోసం చేస్తున్నారా?" అని.

నేను చాలా ఏళ్ళుగా జీతాల లెక్కలు చూసే పనిలోనే ఉన్నాను కాబట్టి స్లిప్ ఫొటో పంపమన్నాను. మోసమేమీ లేదు, కానీ ఒక తప్పు మాత్రం ఉంది. మిగిలిన తేడా అంతా లెక్క ప్రకారం వచ్చిందే. ఏది లెక్కో ఏది తప్పో విడదీయడం కష్టం కాదు, స్లిప్పు, ఆఫర్ లెటర్, క్యాలెండర్ ముందు పెట్టుకుంటే పావుగంట పని. వాడి అంకెలతోనే చెబుతాను, మీవి పక్కన రాసుకుంటూ రండి.

మొదటి పని: 30,000ని పక్కన పెట్టి గ్రాస్ పట్టుకోండి

ఆఫర్ లెటర్‌లో పెద్దగా కనిపించే అంకె సీటీసీ, అంటే మీకోసం కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అందులో మీ చేతికి ఎప్పటికీ నెలనెలా రాని డబ్బు కూడా ఉంటుంది. మా వాడి లెటర్ రెండో పేజీలో పట్టిక ఉంది: బేసిక్ 15,000, ఇంటి అద్దె అలవెన్సు 6,000, స్పెషల్ అలవెన్సు 7,200, కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,800. మొదటి మూడూ కలిపితే 28,200, అదే గ్రాస్. ఆ చివరి 1,800 నేరుగా పీఎఫ్ ఖాతాకి పోతుంది. కొన్ని కంపెనీలు గ్రాట్యుటీని, ఇన్సూరెన్స్ ప్రీమియాన్ని కూడా సీటీసీలో కలిపేస్తాయి, అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది.

రోజుల లెక్క ఎప్పుడూ గ్రాస్ మీదే వేస్తారు. మా వాడు 30,000ని 30తో భాగించి, 19తో గుణించి 19,000 అనుకున్నాడు. అక్కడే మొదటి అడుగు తప్పింది.

రెండో పని: ఒక్క రోజు విలువ ఎంతో తేల్చండి

పాలవాడి దగ్గర 12వ తేదీ నుంచి పాలు పోయించుకుంటే నెలాఖరుకి ఎన్ని రోజులు పోశాడో అన్ని రోజులకే కడతాం కదా, ప్రోరేటా అంటే అంతే. చిక్కల్లా ఒక్కటే, నెల జీతాన్ని ఎన్నితో భాగించాలి అన్నది కంపెనీకో రకంగా ఉంటుంది. కొందరు ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో, కొందరు ఏ నెలయినా 30తో, ఫ్యాక్టరీల్లో కొందరు ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తారు. జూన్‌లో 30 రోజులే కాబట్టి మొదటి రెండు పద్ధతులూ ఒకటే అవుతాయి. 28,200 ÷ 30 = 940. మా వాడి ఒక్క రోజు విలువ 940 రూపాయలు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చూసుకోండి. 30తో భాగించినప్పుడు ఆదివారాలు కూడా జీతం రోజులే. 26తో భాగించినప్పుడు ఒక రోజు విలువ ఎక్కువ వస్తుంది కాబట్టి పనిరోజులు మాత్రమే లెక్కపెడతారు. రెండూ న్యాయమే. కానీ 30తో భాగించి పనిరోజులు మాత్రమే లెక్కేస్తే మాత్రం మీ ఆదివారాల డబ్బు పోయినట్టే, అది తప్పు. చిన్న కంపెనీల్లో ఎక్సెల్ షీటులో చేత్తో లెక్కలు వేసేచోట ఈ పొరపాటు నేను చాలాసార్లు చూశాను, చేసినవాళ్ళకి కూడా తెలియదు. కనిపెట్టడం తేలికే: స్లిప్పులో ఆ నెలకి పడిన గ్రాస్‌ని జీతం రోజులతో భాగించండి, 940 దగ్గర వస్తే 30 పద్ధతి, 1,085 దగ్గర వస్తే 26 పద్ధతి. 30 పద్ధతి అయ్యుండి రోజుల్లోంచి ఆదివారాలు ఎగిరిపోతే అడగాల్సిందే.

మూడో పని: కటాఫ్ ఏ తేదీయో కనుక్కోండి

అసలు కథంతా ఇక్కడే ఉంది. జూన్ 12 నుంచి 30 వరకు రెండు చివరలూ కలుపుకుంటే 19 రోజులు. మరి స్లిప్పులో 19 ఎందుకు లేదు?

నెలాఖరున జీతం పడాలంటే హాజరు పట్టిక అంతకు కొన్ని రోజుల ముందే మూసేయాలి. సెలవులు, ఓటీ, కొత్తగా చేరినవాళ్ళు, మానేసినవాళ్ళు, అందరి వివరాలూ చూసి, లెక్క వేసి, పెద్దవాళ్ళ ఆమోదం తీసుకుని, బ్యాంకుకి ఫైలు పంపాలి. అందుకే 20 అనో 25 అనో ఒక తేదీ పెట్టుకుంటారు, అదే కటాఫ్. సఖినేటిపల్లి రేవులో పంటు కదిలిపోయాక వచ్చినవాళ్ళు తర్వాతి పంటు ఎక్కాల్సిందే, నరసాపురం చేరడం మాత్రం ఖాయం. కటాఫ్ తర్వాతి రోజుల డబ్బూ అంతే, పోదు, తర్వాతి నెలకి జరుగుతుంది.

అయితే కటాఫ్‌లో రెండు రకాలున్నాయి. ఒక రకంలో జీతం నెల కూడా కటాఫ్‌తోనే నడుస్తుంది, అంటే గత నెల 26 నుంచి ఈ నెల 25 వరకు పనికి ఈ నెలాఖరున జీతం. రెండో రకంలో జీతం 1 నుంచి నెలాఖరు వరకే, కానీ కటాఫ్ తర్వాతి రోజులకి మీరు వచ్చినట్టే అనుకుని ముందే ఇచ్చేస్తారు, ఆ రోజుల్లో సెలవు పెడితే వచ్చే నెల కోస్తారు. ఈ రెండో రకం కంపెనీలో 27న చేరారనుకోండి, మీ పేరు ఆ నెల పట్టికలోకి ఎక్కే అవకాశం తక్కువ, తర్వాతి నెల స్లిప్పులో అరియర్స్ అనే వరుసలో ఆ రోజులు కలిపి వస్తాయి. జీతమే పడలేదని కంగారు పడకండి, మీ రోజులు అరియర్స్‌లో వేస్తారని మాత్రం హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో రాయించుకోండి.

మా వాడి కంపెనీది మొదటి రకం, 26 నుంచి 25. స్లిప్పు పైభాగంలో పే పీరియడ్ అని రాసే ఉంది, వాడు చూడలేదంతే. కాబట్టి వాడికి రావాల్సింది 12 నుంచి 25 వరకు, 14 రోజులు. 940 × 14 = 13,160.

మిగిలిన 5 రోజులు, అంటే 26 నుంచి 30 వరకు, జులై జీతంలో ఉంటాయి. కానీ జులైలో 35 రోజుల జీతం వస్తుందని ఎదురుచూడకూడదు. జూన్ 26 నుంచి జులై 25 వరకు సరిగ్గా 30 రోజులు, కాబట్టి వచ్చేది మామూలు పూర్తి జీతమే. ఆ కంపెనీలో ఉన్నన్నాళ్ళూ ఈ ఐదారు రోజుల వెనకబాటు అలాగే ఉంటుంది, ఉద్యోగం మానేసినప్పుడు చివరి సెటిల్‌మెంట్‌లో తేలుతుంది. మానేసేటప్పుడు చాలామంది దీన్ని మర్చిపోతారు, మీరు మర్చిపోకండి.

నాలుగో పని: కోతలు కూడా తగ్గాయో లేదో చూడండి

జీతం తగ్గినప్పుడు కోతలు కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఆ కంపెనీ పీఎఫ్‌ని బేసిక్ మీద 12 శాతం పట్టుకుంటుంది. 14 రోజులకి బేసిక్ 7,000, పీఎఫ్ 840. పూర్తి నెలకు పట్టే 1,800 ఇక్కడ పట్టకూడదు. ఇక వృత్తి పన్ను, మన ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 15,000 వరకు లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. 13,160కి వృత్తి పన్ను సున్నా. అంటే చేతికి రావాల్సింది 12,320.

యూనిఫాం, మెస్సు, హాస్టల్ అని ఇంకేవైనా వరుసలుంటే అవి మీరు సంతకం చేసిన కాగితంలో ఉన్నాయో లేదో చూడండి. ఇవి రోజులతో పాటు తగ్గకుండా ఒకేసారి మొత్తంగా కోసేవి, మొదటి నెలలో ఎక్కువ నొప్పి తెలిసేది వీటితోనే.

ఐదో పని: మీ లెక్కకీ స్లిప్పుకీ తేడా ఉంటే ఆ తేడాని రోజుల్లోకి మార్చండి

రావాల్సింది 12,320, పడింది 11,440. తేడా 880. ఒక రోజు గ్రాస్ 940, ఆ రోజు బేసిక్ 500 మీద పీఎఫ్ 60 పోతే మిగిలేది సరిగ్గా 880. అంటే ఒక రోజు ఎగిరిపోయింది! స్లిప్పులో చూస్తే పెయిడ్ డేస్ 13, ఎల్ఓపీ 1 అని ఉంది. ఎల్ఓపీ అంటే జీతం లేని సెలవు. "సెలవేమైనా పెట్టావేంట్రా?" అంటే "లేదు బాబాయ్, ఒక్క రోజు కూడా మానలేదు" అన్నాడు. మొదటి రోజంతా కాగితాలు, మెడికల్ టెస్టు, సేఫ్టీ క్లాసుతో సరిపోయింది, పంచ్ కార్డు 13న ఇచ్చారు. మిషన్‌లో 12న పంచ్ లేదు, అది ఆబ్సెంట్ అనుకుంది.

మొదటి నెల తప్పుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. ఇంకొకటి, చేరిన తేదీనే తప్పుగా ఎక్కించడం, అప్పుడు ఎల్ఓపీ సున్నా ఉండి కూడా రోజులు తక్కువ కనిపిస్తాయి. అందుకే స్లిప్పులో జాయినింగ్ డేట్ కూడా చదవండి.

ఆరో పని: హెచ్‌ఆర్‌కి అంకెలతో రాయండి

"జీతం తక్కువ పడింది" అని రాస్తే "ప్రోరేటా అండి" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది, అక్కడితో అయిపోతుంది. ఏ రోజు పోయిందో చెప్పి రాయాలి. మా వాడిచేత ఇలా రాయించాను:

"నమస్తే మేడమ్, నేను జూన్ 12న చేరాను. జూన్ స్లిప్పులో 13 రోజులు పడ్డాయి. 12 నుంచి 25 వరకు 14 రోజులు రావాలి. 12న నాకు పంచ్ కార్డు ఇంకా ఇవ్వలేదు, ఆ రోజు సంతకం చేసిన జాయినింగ్ రిపోర్ట్ జత చేశాను. హాజరు సరిచేసి, ఆ ఒక్క రోజు జులై జీతంలో అరియర్స్‌గా వేయగలరు."

ఇది స్లిప్పు వచ్చిన వారంలోపే పంపేయండి. సవరణలకి కూడా అదే కటాఫ్ వర్తిస్తుంది, జులై 25 దాటితే ఆ ఒక్క రోజూ ఆగస్టు జీతానికి జరిగిపోతుంది.

మర్నాడే సరిచేశామని మేడమ్ జవాబిచ్చారు. జులై స్లిప్పులో గ్రాస్ 28,200, అరియర్స్ 940, పీఎఫ్ 1,860, వృత్తి పన్ను 200 ఉన్నాయి. చేతికి 27,080 వచ్చింది. ఆగస్టు నుంచి నెలనెలా వచ్చేది 26,200 అని వాడికి అప్పుడే చెప్పాను, రూము అద్దె, మెస్సు, ఇంటికి పంపేది, అన్నీ ఆ అంకె మీదే వేసుకోమన్నాను.