బంధువు కంపెనీ, అభిమాన పార్టీ: రిపోర్టర్ ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కంపెనీల త్రైమాసిక ఫలితాలు వచ్చే రోజుల్లోనైనా, ఎన్నికల వేడి మొదలయ్యాకైనా న్యూస్‌రూమ్‌లో ఎవరికీ ఊపిరి సలపదు. చేతికి దొరికినవాళ్లకు అసైన్‌మెంట్ అంటగడతారు. 'ఆ కంపెనీలో మావాడు ఉన్నాడు' అని అప్పుడు చెబితే వినే ఓపిక ఎవరికుంటుంది? ఆ మాట చెప్పాల్సింది రెండు మూడు వారాల ముందే.

నోటిమాటగా కాదు, ఎడిటర్‌కి మెయిల్‌లో చెప్పండి. బ్యూరో చీఫ్ మారితే నోటిమాట ఆయనతోపాటే పోతుంది. బంధువు ఎవరు, ఏ హోదాలో ఉన్నారు, ఆ కంపెనీ షేర్లు మీ దగ్గర గానీ మీ ఇంట్లోవాళ్ల దగ్గర గానీ ఉన్నాయా అన్నవి రాస్తే చాలు. పెద్ద కంపెనీలో ఎక్కడో పనిచేసే దూరపు చుట్టం గురించి కూడా రాయాలా అని సందేహం వస్తుంది. మీ వార్త వల్ల ఆ మనిషి ఉద్యోగానికో, ఆదాయానికో, పేరుకో తేడా వస్తుందా అని చూసుకోండి. తేల్చుకోలేకపోతే చెప్పేయడమే మంచిది. అది సమస్యో కాదో ఎడిటర్ తేలుస్తారు.

ఒక బిజినెస్ రిపోర్టర్‌నే తీసుకుందాం. ఆమె తమ్ముడు ఒక మందుల కంపెనీలో ఫైనాన్స్ హెడ్. ఆమె ముందుగానే చెప్పింది, ఎడిటర్ ఆ కంపెనీని వేరొకరికి అప్పగించారు. చాలా ఆఫీసుల్లో వ్యవహారం ఇక్కడితో ముగిసిందనుకుంటారు. అసలు చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. నైట్ షిఫ్ట్‌లో ఆ కాపీ దిద్దడానికి ఆమె దగ్గరికే రావచ్చు. మందుల కంపెనీలన్నిటి మీదా రాసే రౌండప్‌లో ఆ కంపెనీకి రెండు పేరాలు పడొచ్చు. అన్నిటికన్నా తేలిగ్గా తప్పిపోయేది పోటీ కంపెనీ వార్త. దాని మందులో లోపం బయటపడితే లాభం తమ్ముడి కంపెనీకే కదా! అందుకే తప్పుకోవడమంటే రాయడం, దిద్దడం, హెడ్డింగ్ పెట్టడం, ఏ పేజీలో వేయాలో చెప్పడం, అన్నిటికీ దూరంగా ఉండటం. పోటీ కంపెనీల విషయంలోనూ అంతే. 'మీ తమ్ముడి నంబర్ ఇవ్వవా' అని సహోద్యోగి అడిగినా ఇవ్వకూడదు. కంపెనీ మీడియా విభాగం ఉంది, అటు పంపించాలి.

ఇంట్లో మాటల విషయంలో జాగ్రత్త రెండువైపులా ఉండాలి. రేపు రాబోయే కథనం గురించి తమ్ముడికి చెప్పకూడదు. అతను ఫలితాల గురించి నోరు జారితే ఆ అంకెలతో వార్త రాయకూడదు, షేర్లు కొనకూడదు, ఎవరిచేతా కొనిపించకూడదు. అచ్చుకాని వార్తకు మార్కెట్లో విలువ ఉంటుంది. అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్ కాలమిస్టు ఫోస్టర్ వైనన్స్ తన కాలమ్‌లో ఏం రాబోతోందో ముందే ఒక స్టాక్‌బ్రోకర్‌కి చెప్పి డబ్బు తీసుకున్నాడు. అందుకు అతనికి పడిన శిక్షను 1987లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది.

మనుషులు తక్కువున్న చోట తప్పుకోవడం ఒక్కోసారి కుదరదు. అప్పుడు కథనంతోపాటే ఒక వాక్యం వేయాలి: 'ఈ కథనం రాసిన రిపోర్టర్ తమ్ముడు ఈ కంపెనీలో ఫైనాన్స్ హెడ్.' 'కొంత పరిచయం ఉంది' లాంటి నీళ్లు కలిపిన మాటలు వద్దు. కాపీని వేరే ఎడిటర్ చూడాలి. అయితే ఈ వాక్యం అన్ని పాపాలనూ కడిగేయదు. తమ్ముడి మీదే ఆరోపణలొస్తే ఎంత చిన్న ఆఫీసైనా ఆ వార్త ఆమె రాయకూడదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పక్షపాతం అంటారేమోనన్న టెన్షన్‌తో కొందరు సొంతవాళ్లను అవసరానికి మించి చీల్చి చెండాడతారు. అదీ వంకర వార్తే.

పార్టీ విషయం ఇంతకంటే కష్టం. అభిమానం మెయిల్‌లో పట్టే విషయం కాదు. ఓటు ఎవరికి వేస్తారన్నది మీ సొంత విషయం. సభ్యత్వం, చందా, ప్రచారం, పార్టీకి జై కొట్టిన పోస్టులు మాత్రం అలా కాదు. 1980 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కాలమిస్టు జార్జ్ విల్, అప్పటి అధ్యక్షుడు కార్టర్‌తో డిబేట్ కోసం ప్రత్యర్థి రీగన్ ప్రాక్టీస్ చేస్తుంటే సాయం చేశాడు. డిబేట్ అయ్యాక, ఆ సంగతి చెప్పకుండా, టీవీలో రీగన్‌ను మెచ్చుకున్నాడు. అది 1983లో బయటపడి పెద్ద గొడవైంది. ఆయన రీగన్ అభిమాని అని అందరికీ తెలుసు, తెలియంది ఆ సాయమే. అభిప్రాయ వ్యాసం రాసేవాళ్లకు పార్టీ అభిమానం ఉండొచ్చు, ఆ పార్టీకి పని చేసిపెడితే మాత్రం పాఠకుడికి చెప్పాలి. వార్త రాసే రిపోర్టర్ బాహాటంగా ఒక పార్టీ మనిషి అయితే ఆ పార్టీ బీట్‌తోపాటు ప్రత్యర్థి బీట్ కూడా వదులుకోవాలి.

పాత పోస్టులు రాత్రికి రాత్రి తుడిచేయకండి. ఎవరి ఫోన్‌లోనో స్క్రీన్‌షాట్ ఉండే ఉంటుంది, తుడిచారన్నదే రేపటి వార్త అవుతుంది. ముందు అవి ఎడిటర్‌కి చూపించండి, ఉంచాలో తీయాలో ఆయనతో కలిసి తేల్చుకోండి. బంధువు ఉద్యోగం మారినా, మీరు పార్టీ సభ్యత్వం వదులుకున్నా మొదటి మెయిల్‌కే రిప్లైగా ఆ మార్పు రాయండి. పాత బీట్ తిరిగి ఎప్పుడు ఇవ్వాలన్నది మాత్రం ఎడిటర్‌కే వదిలేయాలి.